TIC-204 లూప్‌ని మళ్లీ ఎందుకు ట్యూన్ చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

సార్, మణలి ప్లాంటులో ఫీడ్ హీటర్ టెంపరేచర్ లూప్ సెట్టింగులు మార్చడానికి మార్పు ఫారం పంపాను. దాని మీద సంతకం పెట్టేముందు మీరు అడిగేవి, మొన్న మీటింగ్‌లో మిగతావాళ్లు అడిగినవి, ప్యానెల్ రూమ్‌లో కుర్రాళ్లు అడుగుతూనే ఉండేవి అన్నీ ఒకచోట రాశాను. లెక్కలు అవసరమైనంత వరకే పెట్టాను. మీకు కంట్రోల్ సబ్జెక్ట్ పరిచయం లేకపోయినా ఇబ్బంది ఉండదు, డీసీఎస్ స్క్రీన్ మీద ట్రెండ్ చూడటం వస్తే సరిపోతుంది.

అసలు ఏ లూప్ గురించి మాట్లాడుతున్నాం?

డిస్టిలేషన్ కాలమ్‌లోకి వెళ్లే ఫీడ్‌ని ముందుగా ఒక షెల్ అండ్ ట్యూబ్ హీటర్‌లో స్టీమ్‌తో వేడి చేస్తాం. బయటికొచ్చే ఫీడ్ 85 డిగ్రీల దగ్గర ఉండాలి. దాన్ని కొలిచే సెన్సర్, ఆ కొలతని చూసి నిర్ణయం తీసుకునే కంట్రోలర్ (స్క్రీన్ మీద TIC-204), ఆ నిర్ణయం ప్రకారం స్టీమ్‌ని పెంచి తగ్గించే వాల్వ్ (TV-204), ఈ మూడూ కలిపితే లూప్. కంట్రోలర్ కొలతని చూస్తుంది, 85కి ఎంత తేడా ఉందో లెక్కేస్తుంది, వాల్వ్‌ని కదుపుతుంది, మళ్లీ చూస్తుంది. ఇరవై నాలుగు గంటలూ దాని పని ఇదే.

అలారం రాలేదు, ట్రిప్ అవలేదు, బాగానే నడుస్తోంది కదా?

నడుస్తోంది. ఫీడ్ రేటు మార్చనంత సేపు TIC-204 ట్రెండ్ గీత గీసినట్టు ఉంటుంది, దాన్ని చూసి లూప్ బ్రహ్మాండంగా ఉందనుకుంటాం. కానీ ఏ మార్పూ లేనప్పుడు ఏ లూప్ అయినా బాగానే ఉంటుంది, ఆ మాటకొస్తే వాల్వ్‌ని మాన్యువల్‌లో 42 శాతం దగ్గర వదిలేసినా గీత అంత తిన్నగానే ఉంటుంది. కంట్రోలర్ పనితనం చూడాలంటే ఏదైనా మారినప్పుడు చూడాలి.

మన దగ్గర మారేది ఫీడ్. వెనక ట్యాంక్ లెవెల్‌ని బట్టి ఆపరేటర్ ఫీడ్‌ని గంటకి 20 క్యూబిక్ మీటర్ల నుంచి 24కి పెంచుతాడు, తర్వాత మళ్లీ దించుతాడు. పెంచిన ప్రతిసారీ టెంపరేచర్ 85 నుంచి 79 దాకా జారుతుంది. సరే, జారడం సహజమే. కానీ తిరిగి 84 చేరడానికి గంట దాటుతోంది. ఈలోగా ఫీడ్ మళ్లీ మారితే అసలు 85 దగ్గర కుదురుకునే అవకాశమే ఉండదు. లో అలారం 75 దగ్గర పెట్టి ఉంది కాబట్టి ఇదంతా నిశ్శబ్దంగా జరిగిపోతోంది.

గంట అనేది ఎక్కువా తక్కువా అని ఎలా చెప్పగలం? హీటర్ స్వభావమే అంత కావచ్చు కదా?

ఇది అసలైన ప్రశ్న, దీనికి జవాబు అభిప్రాయం కాకూడదు. కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టి, వాల్వ్‌ని కాస్త జరిపి ఊరుకుంటే టెంపరేచర్ దానంతట అది కొత్త విలువ దగ్గర ఎంతసేపట్లో నిలబడుతుందో చూడాలి, దీన్నే బంప్ టెస్ట్ అంటాం. మన హీటర్ పావుగంట, ఇరవై నిమిషాల్లో నిలబడిపోతుంది. అంటే హీటర్ అంత మొద్దుదేమీ కాదు. ఎవరూ ముట్టుకోకపోతే ఇరవై నిమిషాల్లో ఏదో ఒక విలువ దగ్గర సర్దుకునే పరికరం, కంట్రోలర్ చేతిలో పెడితే గంట పైన తీసుకుంటోందంటే ఆలస్యం కంట్రోలర్‌దే. మీరు ఏ లూప్‌నైనా ఈ ఒక్క పోలికతో పట్టుకోవచ్చు.

ఇంకో గుర్తు కూడా ఉంది. నైట్ షిఫ్ట్ ట్రెండ్ తీసి చూడండి, ఫీడ్ పెంచే సమయానికి TIC-204 మోడ్ ఆటో నుంచి మాన్యువల్‌కి మారి ఉంటుంది. ఆపరేటర్ తనే వాల్వ్‌ని 50కి తీసుకెళ్లి, టెంపరేచర్ తేరుకున్నాక ఆటోలో పెడతాడు. అడిగితే తమిళంలో "మెదువా దాన్ వరుమ్ సార్" అని నవ్వుతాడు, ఆటోలో వదిలేస్తే మెల్లగానే వస్తుందని ఆయనకి ఎప్పుడో తెలుసు. ఆయన చేసేది సరైన పనే, కానీ ఆ పని చేయడానికే కంట్రోలర్ కొన్నాం.

మొదట్నుంచీ ఇలాగే ఉందా?

లేదు. లాగ్ బుక్‌లో చరిత్ర మొత్తం ఉంది. పోయిన షట్‌డౌన్‌కి ముందు TV-204 గ్లాండ్ దగ్గర స్టీమ్ లీకయ్యేది. లీక్ ఆపడానికి మెకానికల్ వాళ్లు గ్లాండ్ ప్యాకింగ్‌ని బాగా బిగించారు. లీక్ ఆగింది, స్టెమ్ పట్టేసింది. కంట్రోలర్ ఒక శాతం కదలమంటే వాల్వ్ కదలదు, రెండు శాతం అన్నా కదలదు, మూడో శాతానికి ఒక్కసారిగా దూకుతుంది. అప్పుడు స్టీమ్ ఎక్కువైపోతుంది, కంట్రోలర్ వెనక్కి లాగుతుంది, మళ్లీ వాల్వ్ పట్టేస్తుంది. టెంపరేచర్ ఆగకుండా పైకీ కిందికీ ఊగేది.

ఊగిసలాట చూసి అప్పట్లో చేసిన వైద్యం, కంట్రోలర్‌ని నెమ్మది చేయడం. గెయిన్ 1.2 నుంచి 0.5కి, ఇంటెగ్రల్ టైమ్ 5 నిమిషాల నుంచి 10కి మార్చారు. దానితో ఊగడం ఆగలేదు, ఒక్కో ఊపుకి పట్టే సమయం మాత్రం పెరిగింది. వాల్వ్ పట్టేస్తుంటే ఏ ట్యూనింగూ దాన్ని నయం చేయలేదు. కానీ స్క్రీన్ మీద చూడటానికి ప్రశాంతంగా కనిపించింది కాబట్టి వదిలేశారు. తర్వాత షట్‌డౌన్‌లో ప్యాకింగ్ మార్చారు, పొజిషనర్ కొత్తది వేశారు. వాల్వ్ ఇప్పుడు శుభ్రంగా కదులుతోంది. జబ్బు పోయింది గానీ, జబ్బుకి ఇచ్చిన మందు ఇంకా నడుస్తోంది.

గెయిన్, ఇంటెగ్రల్ అంటే ఏమిటి? మామూలు మాటల్లో చెప్పండి.

టెంపరేచర్ 85 నుంచి కిందికి జారిందనుకోండి. కంట్రోలర్ రెండు పనులు చేస్తుంది. మొదటిది, ఇప్పుడు ఎంత తేడా ఉందో చూసి దానికి తగ్గట్టు వాల్వ్‌ని వెంటనే తెరుస్తుంది. ఎంత తేడాకి ఎంత తెరవాలో చెప్పే అంకె గెయిన్. గెయిన్ 0.5 అంటే, కొలతలో రెండు శాతం తేడా వస్తే వాల్వ్ ఒక శాతమే కదులుతుంది. మన ట్రాన్స్‌మిటర్ రేంజ్ 0 నుంచి 150 డిగ్రీలు, కాబట్టి 6 డిగ్రీలు పడితే అది నాలుగు శాతం, దానికి వాల్వ్ ఇచ్చే తక్షణ స్పందన రెండంటే రెండు శాతం. అసలు కావలసింది ఎంతో తెలుసా? ఫీడ్ 20 నుంచి 24కి, అంటే అయిదో వంతు పెరిగింది కాబట్టి, వాల్వ్ కూడా 42 నుంచి 50కి, ఎనిమిది శాతం తెరుచుకోవాలి.

మిగతా ఆరు శాతం ఎక్కడి నుంచి రావాలి? అది ఇంటెగ్రల్ పని. తేడా ఉన్నంతసేపూ వాల్వ్‌ని కొద్దికొద్దిగా జరుపుతూనే ఉంటుంది, తేడా సున్నా అయ్యాక ఆగుతుంది. బాకీని వాయిదాల్లో తీర్చడం లాంటిది. ఇంటెగ్రల్ టైమ్ పెద్దదైతే వాయిదా చిన్నదవుతుంది. పైగా ఈ వాయిదా మొత్తం, మిగిలిన బాకీని బట్టి ఉంటుంది, అందుకే టెంపరేచర్ 83, 84కి వచ్చేసరికి వాల్వ్ కదలిక కంటికి ఆననంత చిన్నదైపోతుంది. ట్రెండ్‌లో చివర కనిపించే ఆ పొడుగాటి తోక అదే. ఊగదు, దాటదు, తిన్నగా ఒకవైపు నుంచే పాకుతూ వస్తుంది. ఆ ఆకారం కనిపిస్తే ఇంటెగ్రల్ బలహీనంగా ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

దీనివల్ల ఎంత స్టీమ్ వేస్ట్ అవుతోంది?

స్టీమ్ ఆదా అని చెప్తే మీరు త్వరగా ఒప్పుకుంటారని నాకు తెలుసు, కానీ అది నిజం కాదు. హీటర్‌లో తక్కువైన వేడిని చాలావరకు కాలమ్ అడుగున రీబాయిలర్ పూడుస్తుంది. అక్కడ తగ్గింది ఇక్కడ పెరుగుతుంది. మొత్తం స్టీమ్ బిల్లులో తేడా వెతికితే దొరకదు.

నష్టం కాలమ్ కుదుపులో ఉంది. ఆరు డిగ్రీలు చల్లగా వచ్చిన ఫీడ్ కాలమ్‌లోకి పడితే, ఫీడ్ ట్రే దగ్గర ఆవిరిని కొంత ద్రవంగా మార్చేసి కిందికి తీసుకుపోతుంది. కింద రీబాయిలర్ లూప్ దాన్ని సరిచేయడానికి స్టీమ్ పెంచుతుంది, ఫీడ్ టెంపరేచర్ మెల్లగా కోలుకుంటుంటే మళ్లీ తగ్గించాలి. ఈ గంట సేపూ పైనుంచి తీసే ప్రొడక్ట్ ప్యూరిటీ ఒక చోట నిలవదు. కుర్రాళ్లు ముందు జాగ్రత్తగా రిఫ్లక్స్ పెంచి నడుపుతున్నారు, లేదంటే ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ప్రొడక్ట్‌ని ఆఫ్‌స్పెక్ ట్యాంక్‌కి మళ్లిస్తున్నారు. ఆ ట్యాంక్ నుంచి మళ్లీ కాలమ్‌లోకి పంపిన ప్రతి టన్నూ రెండుసార్లు డిస్టిల్ చేసిన టన్నే. డబ్బు లెక్క కావాలంటే ఫీడ్ పెంచిన రోజులకీ, ఆఫ్‌స్పెక్ ట్యాంక్ లెవెల్ పెరిగిన రోజులకీ పొంతన చూడండి, ఆ రెండు ట్రెండ్‌లూ ఒకే స్క్రీన్ మీద పెట్టుకోవచ్చు.

ఇంతకీ వాల్వ్ నిజంగా బాగైందా? మళ్లీ అదే సమస్య అయితే?

ట్యూనింగ్ ముట్టుకునే ముందు చూడాల్సింది ఇదే, చాలామంది దాటేసేది కూడా ఇదే. మాన్యువల్‌లో పెట్టి వాల్వ్‌కి అర శాతం, అర శాతం చొప్పున కమాండ్ ఇచ్చాం. టెంపరేచర్ చూస్తూ కూర్చుంటే దీనికి జవాబు దొరకదు, అది మెల్లగా కదిలేది. పొజిషనర్ నుంచి వచ్చే ట్రావెల్ ఫీడ్‌బ్యాక్, స్టీమ్ ఫ్లో ఈ రెండూ చూడాలి. అర శాతం కమాండ్‌కి ట్రావెల్ కదిలింది, ఫ్లో కూడా కదిలింది. పైకి వెళ్లి, అదే దారిలో కిందికి వచ్చినప్పుడు కూడా అంతే. పట్టేసే వాల్వ్ అయితే మొదటి రెండు మూడు కమాండ్లకి ట్రావెల్ గీత నేలకి అతుక్కుని ఉండి, తర్వాత మెట్టు ఎక్కినట్టు దూకేది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకున్నాం. వాల్వ్ పూర్తిగా తెరిచేసి ఇంకా వేడి చాలకపోతే, అప్పుడు కూడా లూప్ మందంగానే కనిపిస్తుంది, స్టీమ్ ట్రాప్ పాడై హీటర్‌లో కండెన్సేట్ నిలిచిపోయినా అంతే. అలాంటప్పుడు కంట్రోలర్ ఔట్‌పుట్ పైకి పోయి 100 దగ్గర ఆగిపోయి ఉంటుంది. మన ఔట్‌పుట్ ఫీడ్ 24 ఉన్నప్పుడు కూడా 50 దాటి పెద్దగా పోలేదు. హీటర్‌లో సత్తా ఉంది, వాల్వ్‌లో సత్తా ఉంది.

బంప్ టెస్ట్ అన్నారు, నడుస్తున్న ప్లాంటుని కావాలని కుదిపారా?

కుదిపాం, షిఫ్ట్ ఇన్‌చార్జి పక్కన కూర్చుని ఉండగా, ఫీడ్ 20 దగ్గర కదలకుండా ఉన్న సమయం చూసి. కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టి వాల్వ్‌ని 42 నుంచి 46కి, నాలుగు శాతం, ఒకేసారి జరిపాం. టెంపరేచర్ 85 నుంచి 89.8కి వెళ్లి నిలబడింది. రోజూ ఫీడ్ మార్పుకి పడే ఆరు డిగ్రీలతో పోలిస్తే ఇది చిన్నదే. తర్వాత వెనక్కి తెచ్చి, కిందివైపు కూడా అదే చేశాం, ఎందుకంటే ఒకవైపు చేసిన ఒక్క టెస్ట్‌ని నమ్మితే మధ్యలో స్టీమ్ హెడర్ ప్రెషర్ మారినా మనకి తెలియదు.

దాని నుంచి మూడు సంగతులు తెలిశాయి. వాల్వ్ జరిపాక మొదటి ఒక నిమిషం టెంపరేచర్‌లో ఏ కదలికా లేదు. హీటర్ నుంచి సెన్సర్ దాకా ద్రవం రావాలి, థర్మోవెల్ గోడ వేడెక్కాలి, దానికి పట్టే సమయం అది, దాన్ని డెడ్ టైమ్ అంటాం. ఆ తర్వాత కదలడం మొదలై, మొత్తం 4.8 డిగ్రీల్లో 63 శాతం, అంటే 3 డిగ్రీలు, చేరడానికి ఇంకో నాలుగు నిమిషాలు పట్టింది. అది టైమ్ కాన్‌స్టెంట్. ఇక నాలుగు శాతం వాల్వ్‌కి 4.8 డిగ్రీలు, అంటే రేంజ్‌లో 3.2 శాతం వచ్చింది కాబట్టి, ఒక శాతం వాల్వ్‌కి 0.8 శాతం టెంపరేచర్. దీన్ని ప్రాసెస్ గెయిన్ అంటాం. హీటర్ గురించి కంట్రోలర్‌కి తెలియాల్సినదంతా ఈ మూడు అంకెల్లో ఉంది.

వాటి నుంచి కొత్త సెట్టింగ్ ఎలా వచ్చింది?

లాంబ్డా పద్ధతి వాడాం. ఇందులో ముందు మనమే ఒక నిర్ణయం తీసుకోవాలి, లూప్ ఎంత వేగంగా స్పందించాలని. దాని పేరే లాంబ్డా. డెడ్ టైమ్‌కి మూడు రెట్లు, అంటే 3 నిమిషాలు తీసుకున్నాను. లెక్క ఇంతే, ఇందులో Kc కంట్రోలర్ గెయిన్, Ti ఇంటెగ్రల్ టైమ్, Kp ప్రాసెస్ గెయిన్, τ టైమ్ కాన్‌స్టెంట్, θ డెడ్ టైమ్, λ లాంబ్డా:

```
Kc = τ / (Kp × (λ + θ))
   = 4 / (0.8 × (3 + 1)) = 1.25
Ti = τ = 4 min
```

గెయిన్ 0.5 నుంచి 1.25కి, ఇంటెగ్రల్ టైమ్ 10 నిమిషాల నుంచి 4కి. వాల్వ్ పాడవక ముందు లాగ్ బుక్‌లో ఉన్న 1.2, 5 అంకెలకి ఇవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. కమిషనింగ్ చేసిన వాళ్లకి పని తెలుసు.

ఫలితం ఎలా ఉంటుందో లెక్కేస్తే, అదే 20 నుంచి 24 ఫీడ్ మార్పుకి టెంపరేచర్ 79 బదులు 81 దాకా పడి, 84కి పావుగంటలో తిరిగొస్తుంది. ఇంకా సులువుగా పోల్చే దారి ఒకటుంది. ఊగకుండా కోలుకునే లూప్‌లో, ట్రెండ్ మీద 85 గీతకీ టెంపరేచర్ గీతకీ మధ్య ఉండే గుంట మొత్తం వైశాల్యం, ఇంటెగ్రల్ టైమ్‌ని గెయిన్‌తో భాగిస్తే వచ్చే అంకెని బట్టి ఉంటుంది. ఇప్పుడు అది 10ని 0.5తో భాగిస్తే 20. కొత్తది 4ని 1.25తో భాగిస్తే 3.2. ఎనిమిది శాతం వాల్వ్ మార్పుకి డిగ్రీ-నిమిషాల్లో చెప్పాలంటే సుమారు 240 నుంచి 38కి దిగుతుంది. కాలమ్ తినే దెబ్బ ఆరో వంతు కంటే తక్కువ అన్నమాట, ఒక్క నట్టు కూడా విప్పకుండా.

అయితే ఇంకా వేగంగా పెట్టొచ్చు కదా, లాంబ్డా ఒక నిమిషం చేస్తే?

గెయిన్ 2.5 అవుతుంది, ఈ రోజు ట్రెండ్ ఇంకా అందంగా కనిపిస్తుంది, ఫీడ్ తగ్గించిన రోజు ఇబ్బంది పెడుతుంది. ఎందుకంటే టెస్ట్ చేసింది ఫీడ్ 20 దగ్గర. మన కనిష్ఠ ఫీడ్ గంటకి 12. తక్కువ ద్రవం పారుతుంటే అదే స్టీమ్‌కి టెంపరేచర్ ఎక్కువ పెరుగుతుంది, కాబట్టి ప్రాసెస్ గెయిన్ దాదాపు ఒకటిన్నర రెట్ల పైన ఉంటుంది. ద్రవం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి డెడ్ టైమ్ కూడా అలాగే పెరుగుతుంది. లూప్‌ని ఊగించేవి ఈ రెండే, రెండూ ఒకేసారి చెడువైపు వెళ్తాయి.

లాంబ్డా 3 పెడితే, ఫీడ్ 20 దగ్గర లూప్ ఊగడం మొదలవ్వాలంటే ప్రాసెస్ గెయిన్ ఆరు రెట్లు పెరగాలి. ఫీడ్ 12కి దిగినప్పుడు ఆ వెసులుబాటు రెండు రెట్ల పైచిలుకుకి తగ్గుతుంది, అయినా చాలు. లాంబ్డా 1 పెడితే ఫీడ్ 20 దగ్గరే వెసులుబాటు మూడు రెట్లు, 12 దగ్గర దాదాపు ఏమీ మిగలదు. 1942లో జీగ్లర్, నికోల్స్ ఇచ్చిన పాత సూత్రం మన అంకెలకి 4.5 గెయిన్ చెప్తుంది. ఒక్కో ఊపు ముందుదానిలో నాలుగో వంతుకి తగ్గితే చాలనే ధోరణి వాళ్లది, అంటే కొంత ఊగడం ఆ లెక్కలోనే ఉంది. హీటర్ తర్వాత కాలమ్ ఉన్న చోట అలాంటి ఊపు నేను పెట్టను.

డీసీఎస్‌లో ఆటోట్యూన్ బటన్ ఉంది కదా?

ఉంది. అది కూడా ఇలాంటి టెస్టే చేస్తుంది, కానీ ఆ సమయంలో ఉన్న ఫీడ్ ఒక్కదానికే. ఫీడ్ 12కి పోతుందని దానికి తెలీదు, వాల్వ్ పట్టేసి ఉందా లేదా అని కూడా చూడదు. అంకెలు సరిచూసుకోవడానికి వాడతాను గానీ, ఒక్క బటన్ నొక్కి దాన్నే నమ్మి వెళ్లిపోను.

డెరివేటివ్ సున్నా ఎందుకు?

డెరివేటివ్ అంటే కొలత ఎంత వేగంగా మారుతోందో చూసి వాల్వ్‌ని కదిపే మూడో పని. మన డెడ్ టైమ్ చిన్నది, గెయిన్, ఇంటెగ్రల్ ఈ రెండూ సరిపోతున్నాయి. డెరివేటివ్ పెడితే కొలతలో వచ్చే చిన్న చిన్న వణుకుకి కూడా వాల్వ్ కదులుతూ ఉంటుంది. అంత కష్టపడి మార్చిన ప్యాకింగ్‌ని మళ్లీ అరగదీయడం ఎందుకు?

మార్చేటప్పుడు ఏదైనా తేడా వస్తే?

ట్రిప్‌కి దీనితో సంబంధం లేదు. హై టెంపరేచర్ ట్రిప్‌కి వేరే సెన్సర్, వేరే సిస్టమ్ ఉన్నాయి, వాటిని ముట్టుకోవడం లేదు. మార్పు కూడా ఒకేసారి చేయం. టెంపరేచర్ 85 మీద నిలకడగా ఉన్నప్పుడు ముందు గెయిన్ 0.8, ఇంటెగ్రల్ 6 పెట్టి ఒక షిఫ్ట్ చూస్తాం, అందులో ఒక్కసారైనా ఫీడ్ మార్పు వచ్చేలా. బాగుంటే 1.25, 4. టెంపరేచర్‌కీ 85కీ తేడా ఉన్నప్పుడు మాత్రం గెయిన్ మార్చకూడదు, కొన్ని కంట్రోలర్లలో ఆ క్షణంలోనే వాల్వ్ ఎగురుతుంది.

టెంపరేచర్ 85ని దాటి రెండు మూడు సార్లు పైకీ కిందికీ పోయిందంటే ఆపరేటర్ మాన్యువల్ నొక్కి, పాత అంకెలు 0.5, 10 పెట్టేయొచ్చు. అవి ప్యానెల్ పక్కన చీటీ మీద రాసి అంటించి ఉంటాయి. దానికి నన్ను నిద్ర లేపి అడగాల్సిన పనిలేదని ఫారంలోనే రాశాను, మీరూ ఆ లైను కొట్టేయకండి.

స్టీమ్ హెడర్ మీద ఒత్తిడి పడుతుందా?

వాల్వ్ ఇప్పటికంటే చురుగ్గా కదులుతుంది కాబట్టి హెడర్ ప్రెషర్ ట్రెండ్ ఆ రోజు గమనిస్తాం. అవసరమైన ఎనిమిది శాతం ఎలాగూ తీసుకునేదే, గంటలో తీసుకునేది కొన్ని నిమిషాల్లో తీసుకుంటుంది, కొద్దిసేపు దానికంటే ఇంకాస్త ఎక్కువ తెరిచి వెనక్కి వస్తుంది కూడా. పక్క యూనిట్ వాళ్లకి ముందే చెప్తే చాలు.

పక్క ప్లాంటులో ఇంటెగ్రల్ పెంచితే లూప్ వేగం పెరిగిందన్నారు, మీరు తగ్గించాలంటున్నారు, ఏది నిజం?

రెండూ నిజమే. కంట్రోలర్ తయారీదారుని బట్టి ఆ అంకె అర్థం మారుతుంది. మన డీసీఎస్‌లో అది నిమిషాల్లో, కాబట్టి చిన్న అంకె అంటే వేగం. కొన్నింటిలో సెకన్లు, మన 4 అక్కడ 240. మరికొన్నింటిలో నిమిషానికి ఎన్నిసార్లు అనే లెక్క, అక్కడ అదే సెట్టింగ్ 0.25, పెద్ద అంకె పెడితే వేగం. గెయిన్ బదులు ప్రపోర్షనల్ బ్యాండ్ అడిగే కంట్రోలర్లు కూడా ఉన్నాయి, వందని గెయిన్‌తో భాగిస్తే అది వస్తుంది, కాబట్టి మన 1.25 అక్కడ 80 అవుతుంది, పాత 0.5 అయితే 200. ఒక ప్లాంటు అంకెల్ని ఇంకో ప్లాంటులో దించేసుకునే ముందు కంట్రోలర్‌తో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో యూనిట్లు చూడాలి, ఈ పొరపాటుతో లూప్ పిచ్చెక్కినట్టు ఊగిన సందర్భాలు ప్రతి ప్లాంటులోనూ వినిపిస్తాయి.

ట్యూన్ చేశాక టెంపరేచర్ అసలు పడదా?

పడుతుంది, నాలుగు డిగ్రీల దాకా. కొత్త ఫీడ్ వచ్చాక సెన్సర్‌కి తెలిసేలోపే కొంత పడిపోతుంది, తెలిశాక వాల్వ్ తెరిచినా ఒక నిమిషం దాకా దాని ప్రభావం కనపడదు. ఆ భాగాన్ని ఏ ట్యూనింగూ తీయలేదు. అది కూడా తగ్గాలంటే ఫీడ్ ఫ్లో మీటర్ సిగ్నల్‌ని నేరుగా ఈ కంట్రోలర్‌కి ఇచ్చి, ఫీడ్ పెరిగిన క్షణంలోనే వాల్వ్‌ని అంత మేర తెరిపించాలి, ఫీడ్‌ఫార్వర్డ్ అంటారు. ప్రోగ్రామ్ మార్పు కావాలి, వెండర్ రావాలి, ఖర్చుంది. ముందు ఉచితంగా అయ్యేది చేద్దాం, మిగిలిన నాలుగు డిగ్రీలు కాలమ్‌ని ఇబ్బంది పెడుతున్నాయా లేదా చూసి అప్పుడు దాని మాట.

ఒకసారి చేస్తే ఎన్నాళ్లు ఉంటుంది? మళ్లీ ఎప్పుడు అడుగుతారు?

తేదీ పెట్టుకుని చేసే పని కాదిది. హీటర్ ట్యూబుల్లో మురికి పేరుకుంటే అదే వాల్వ్ మార్పుకి వేడి తగ్గుతుంది, ప్రాసెస్ గెయిన్ పడిపోయి లూప్ మెల్లగా మళ్లీ మందమవుతుంది. అప్పుడు తోకతో పాటు ఇంకొకటి కూడా కనిపిస్తుంది, అదే 20 ఫీడ్‌కి వాల్వ్ 42 బదులు 46, 48 దగ్గర నడుస్తుంది. అలా ఉంటే ట్యూనింగ్ కాదు, ట్యూబులు కడగాలి. వాల్వ్ 42 దగ్గరే ఉండి తోక మాత్రం పెరిగితే ట్రాన్స్‌మిటర్ రేంజ్ ఎవరైనా మార్చారా, సెట్టింగులు ఎవరైనా ముట్టుకున్నారా చూడాలి. ఊగడం మొదలై, ఔట్‌పుట్ రంపపు పళ్లలా కనిపిస్తే గ్లాండ్ బిగించారేమో అడగాలి, ఆ రోజు మాత్రం గెయిన్ తగ్గించమని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి.

ఇప్పుడు నా నుంచి ఏం కావాలి?

మార్పు ఫారం మీద సంతకం, ఫీడ్‌ని 20 నుంచి 24కి, మళ్లీ 20కి మార్చుకోగలిగిన రెండు డే షిఫ్టులు, ఆ రెండు రోజులూ ట్యాంకర్ లోడింగ్ తొందర లేకుండా చూడటం. మొదటి రోజు 0.8, 6. రెండో రోజు 1.25, 4. పాత ట్రెండ్, కొత్త ట్రెండ్ ఒకే పేజీ మీద ప్రింట్ తీసి ఫారంతో పాటే ఫైల్‌లో పెడతాను.